డ్రాఫ్టు తిప్పి పంపేటప్పుడు రాసే ఉత్తరం

హైదరాబాద్ శివారులో ఒక సంస్థ 120 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు కడుతోందనుకుందాం. అమ్మకాలు మొదలుపెట్టే ముందు 12 పేజీల తెలుగు బ్రోషర్ కావాలి. ఫ్లాటు కొనేది నగరంలో ఉద్యోగం చేసే కొడుకో కూతురో అయినా, డబ్బు సర్దేదీ, చివరికి సరే అనేదీ ఖమ్మంలోనో కరీంనగర్‌లోనో ఉండే అమ్మానాన్నలు. వాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని, తీరిగ్గా కూర్చుని, ప్రతి అంకె చదువుతారు. అందుకే తెలుగులో వేద్దామని సంస్థ నిర్ణయించింది. యాడ్ ఏజెన్సీకి పని అప్పగించింది. మూడు వారాల్లో మొదటి డ్రాఫ్టు వచ్చింది.

చూడటానికి బాగుంది. కానీ ఉన్నది ఉన్నట్టు అచ్చుకు పంపడానికి వీల్లేదు. ఇప్పుడు ఆ సంస్థ మార్కెటింగ్ హెడ్ ఏజెన్సీకి ఒక ఉత్తరం రాయాలి. రెండో డ్రాఫ్టు ఎలా వస్తుందనేది చాలావరకు ఆ ఉత్తరం మీదే ఆధారపడి ఉంటుంది. ఈ ఉదాహరణనే పట్టుకుని అలాంటి ఉత్తరం ఎలా తయారవుతుందో, అందులో ఏ మాట ఎందుకు ఉంటుందో చూద్దాం.

రాయడానికి ముందు

డ్రాఫ్టు రాగానే ఆఫీసులో నలుగురి చేతికి వెళ్తుంది. నలుగురూ నాలుగు మాటలు అంటారు. ఎండీ గారు "ఇంకాస్త రిచ్‌గా ఉండాలి" అంటారు. సేల్స్ మేనేజరు "ఫోటోల్లో కళ లేదు" అంటారు. లీగల్ వాళ్లు "చివరి పేజీ ఒకసారి చూడండి" అని మెయిల్ పెడతారు. సైట్ ఇంజినీరు ఫోన్ చేసి "క్లబ్‌హౌస్ రెండో ఫేజులో కదండీ" అని గుర్తు చేస్తారు. ఈ నాలుగింటినీ కలిపి ఏజెన్సీకి ఫార్వర్డ్ చేస్తే అక్కడి డిజైనరు ఏం చేస్తాడు? రిచ్‌గా అన్నారు కాబట్టి బంగారు రంగు పెంచుతాడు. కళ లేదన్నారు కాబట్టి ఫోటోలు మారుస్తాడు. చివరి పేజీలో ఏం చూడాలో అర్థంకాక ఆ పేజీ జోలికి వెళ్లడు. రెండో డ్రాఫ్టులో రంగులు మారతాయి, తప్పులు అలాగే ఉంటాయి.

కాబట్టి మార్కెటింగ్ హెడ్ మొదటి పని వచ్చిన మాటలన్నీ ఒకచోట రాసుకుని మూడు కుప్పలుగా వేరు చేయడం. మొదటి కుప్పలో వాస్తవాలు: విస్తీర్ణం, దూరం, అనుమతులు, సదుపాయాలు. ఇవి తప్పయితే మార్చి తీరాలి, చర్చ ఉండదు. రెండో కుప్పలో చదివేవారి ఇబ్బందులు: అక్షరాలు కనిపించకపోవడం, ప్లాను అర్థంకాకపోవడం లాంటివి. వీటిని తీర్చాలి, కానీ ఎలా తీర్చాలో ఏజెన్సీకే బాగా తెలుసు. మూడో కుప్పలో అభిరుచులు: ముఖచిత్రం రంగు, ఫోటో ఎంపిక. ఇక్కడ మన మాటకు సలహా విలువే ఉంటుంది.

రెండో పని లోపలి తగాదాలు తీర్చుకోవడం. మన ఉదాహరణలో సేల్స్ టీమ్ రెండు పడకగదుల ఫ్లాటుకు 1,250 చదరపు అడుగులు అన్న అంకె పెద్దగా ఉండాలంటోంది. చుట్టుపక్కల ప్రాజెక్టులన్నీ అలాంటి అంకెలే వేస్తున్నాయి, మనం చిన్న అంకె వేస్తే పోలికలో ఓడిపోతామని వాళ్ల భయం. లీగల్ వాళ్లు కార్పెట్ ఏరియా ఉండి తీరాలంటున్నారు. ఈ ఇద్దరినీ కూర్చోబెట్టి నిర్ణయం తీసుకోకుండా "ఈ విషయం మీరే చూసుకోండి" అని ఏజెన్సీకి రాస్తే, సంస్థ లోపల తేలని గొడవను బయటివారి మెడకు కట్టినట్టే. ఉత్తరం వెళ్లేసరికి సంస్థ తరఫున ఒక్క గొంతే వినిపించాలి.

మూడో పని డ్రాఫ్టును అసలు సైజులో ప్రింటు తీసి చూడటం. కంప్యూటర్ తెర మీద మనం తెలియకుండానే జూమ్ చేసి చదువుతాం. చిన్న అక్షరాలు, సన్నని గీతలు అక్కడ బాగానే కనిపిస్తాయి. ఏ4 కాగితం మీదకు వచ్చాకే వాటి సంగతి బయటపడుతుంది. ఆ ప్రింటు మీద ఎక్కడ అభ్యంతరముందో అక్కడ పెన్నుతో ఒక నంబరు వేయాలి. ఉత్తరంలోనూ అదే నంబరు వాడాలి. ఆ ప్రింటును స్కాన్ చేసి ఉత్తరంతో జతచేస్తే "ఏ పేజీ? ఏ పేరా?" అన్న ఫోన్లు చాలావరకు తప్పిపోతాయి.

మొదటి పేరా

ఇక ఉత్తరం ఇలా మొదలవుతుంది:

"గౌరవనీయులైన క్రియేటివ్ డైరెక్టర్ గారికి నమస్కారం. బ్రోషర్ మొదటి డ్రాఫ్టు అందింది. మా సేల్స్, లీగల్, ఇంజినీరింగ్ విభాగాలు చూశాయి. అందరి సూచనలూ కలిపి ఈ ఒక్క ఉత్తరంలో పంపుతున్నాను. వేరే ఎవరి నుంచైనా విడిగా మార్పులు వస్తే దయచేసి నాకు తెలియజేయండి, నేను చూసి చెప్పేదాకా వాటిని చేయవద్దు. 8వ పేజీలోని ఫ్లోర్ ప్లానును దయచేసి అలాగే ఉంచండి. మంచం, డైనింగ్ టేబుల్, ఫ్రిజ్ అసలు కొలతల ప్రకారం గీయడం వల్ల గదిలో ఎంత చోటు మిగులుతుందో చూడగానే తెలుస్తోంది. కొనేవారు మా ఆఫీసుకు వచ్చి తరచూ అడిగే ప్రశ్నకు ఆ పేజీ జవాబు చెబుతోంది."

చివరి మూడు వాక్యాలు మర్యాద కోసం రాసినట్టు కనిపిస్తాయి. వాటికి పని కూడా ఉంది. దిద్దుబాట్ల చిట్టా చేతికి వచ్చినప్పుడు డిజైనరు మొత్తం పుస్తకాన్ని అనుమానంగా చూడటం మొదలుపెడతాడు. తప్పు లేదన్న పేజీని కూడా మెరుగుపరుద్దామని ముట్టుకుంటాడు. మంచి పేజీ అలా పాడయ్యే ప్రమాదం ఉంది. ఏది ఉంచాలో, ఎందుకు ఉంచాలో చెబితే ఆ పేజీ నిలుస్తుంది. పైగా ఆ కారణం మిగతా పేజీలకు కూడా దారి చూపిస్తుంది: ఈ క్లయింటుకు కావలసింది కొనేవారి ప్రశ్నకు జవాబు అని ఏజెన్సీకి అర్థమవుతుంది. "చాలా బాగా చేశారు, కానీ" అన్న వాక్యం ఈ రెండు పనుల్లో ఒక్కటీ చేయదు.

"వేరే ఎవరి నుంచైనా" అన్న వాక్యం కూడా ముఖ్యమే. ఎండీ గారి పీఏ ఒకరోజు, సేల్స్ మేనేజరు ఇంకోరోజు నేరుగా డిజైనరుకు వాట్సాప్‌లో మార్పులు పంపడం చాలాచోట్ల జరిగేదే. ఏ మార్పు ఎవరు అడిగారో వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు.

అంకెల దగ్గర

ఇప్పుడు అసలు దిద్దుబాట్లు. అన్నిటికంటే బరువైనది ముందు:

"1. 3వ పేజీ, ఫ్లాటు విస్తీర్ణం. డ్రాఫ్టులో రెండు పడకగదుల ఫ్లాటు కింద 1,250 చదరపు అడుగులు అని మాత్రమే ఉంది. ఇది కామన్ ఏరియా వాటాతో కలిపిన అంకె. చదివేవారు ఇది ఇంటి లోపలి చోటు అనుకునే అవకాశం ఉంది. మా ఇంజినీరింగ్ విభాగం లెక్క ప్రకారం కార్పెట్ ఏరియా 845, బాల్కనీ 70, బయటి గోడలు, షాఫ్టులు కలిపి 60, కామన్ ఏరియా వాటా 275. మొత్తం 1,250. కార్పెట్ ఏరియా అంకె ముందుగా, స్పష్టంగా కనిపించాలి. మిగతావి విడివిడిగా ఉండాలి. మంజూరైన ప్లాను కాపీ, అన్ని రకాల ఫ్లాట్ల అంకెల పట్టిక జతచేస్తున్నాను. పట్టికలా వేయాలో, బొమ్మ మీద వేయాలో మీరు నిర్ణయించండి."

ఈ సూచనలో ఐదు భాగాలున్నాయి. ఎక్కడ ఉందో, ఇప్పుడు ఏముందో, చదివేవారికి దానివల్ల ఏం జరుగుతుందో, సరైన సమాచారం ఏదో, అది ఎక్కడి నుంచి వచ్చిందో. ఆరో భాగం, అంటే దాన్ని ఎలా చూపించాలన్నది ఏజెన్సీకి వదిలారు. వాస్తవం క్లయింటుది, చూపించే నేర్పు ఏజెన్సీది. ఈ గీత చెరిగిపోకుండా రాసిన ఉత్తరానికి మర్యాద దానంతట అదే వస్తుంది.

లీగల్ వాళ్లు ఈ అంకె మీద పట్టుబట్టడానికి కారణముంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అందరూ రెరా అనేది, కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. ఫ్లాటు లోపల నికరంగా వాడుకోగలిగే నేల అది. బయటి గోడలు, సర్వీస్ షాఫ్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ అందులోకి రావు. లోపలి అడ్డుగోడల కింద ఉన్న చోటు వస్తుంది. పై ఉదాహరణలో 1,250 అని చదివిన తండ్రి మనసులో ఊహించుకున్న ఇల్లు ఒకటి, కూతురు తాళం తీసి అడుగుపెట్టే 845 అడుగుల ఇల్లు మరొకటి. ఆ తేడా ముందే కాగితం మీద కనిపిస్తే అతను దాన్ని లెక్కలో వేసుకునే నిర్ణయం తీసుకుంటాడు.

బొమ్మల దగ్గర

"2. 6, 7 పేజీలు, బాల్కనీ నుంచి చెరువు కనిపించే చిత్రం. చిత్రం అందంగా ఉంది. అయితే సైట్ ఇంజినీరు చెప్పినదాని ప్రకారం చెరువు తూర్పు బ్లాకులో నాలుగో అంతస్తు నుంచి పైకి మాత్రమే కనిపిస్తుంది. పడమటి బ్లాకులో కొనేవారు కూడా తమకు ఇదే దృశ్యం ఉంటుందనుకుంటారు. ఏ బ్లాకు, ఏ అంతస్తు నుంచి కనిపించే దృశ్యమో చిత్రం పక్కనే, శరీర పాఠం సైజులోనే తెలియాలి. లేదా అన్ని ఫ్లాట్లకూ వర్తించే మరో దృశ్యం ఎంచుకోవచ్చు. సైట్‌లో డ్రోన్‌తో తీసిన ఫోటోలు పంపుతున్నాను.

3. 9వ పేజీ, క్లబ్‌హౌస్, ఈతకొలను. ఇవి రెండో ఫేజులో భాగం. ఇప్పుడు అమ్ముతున్న మొదటి ఫేజు అనుమతుల్లో లేవు. ఈ బ్రోషర్ నుంచి తీసివేయాలి. ఆ స్థానంలో మొదటి ఫేజులో ఉన్న నడకదారి, పిల్లల ఆటస్థలం, సోలార్ దీపాల వివరాలు పంపుతున్నాను.

4. 5వ పేజీ, 'ఔటర్ రింగ్ రోడ్డుకు 5 నిమిషాలు'. ట్రాఫిక్‌ను బట్టి ఇది మారుతుంది. గేటు నుంచి రోడ్డు మార్గాన కొలిచిన దూరం 3.8 కిలోమీటర్లు. పేజీలోని అన్ని దూరాలనూ ఇలాగే కిలోమీటర్లలో ఇవ్వాలి. కొలిచిన పట్టిక జతచేశాను."

ఈ మూడు సూచనలకూ వెనక ఒకే చట్టం ఉంది. రెరా 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలో గానీ ప్రాస్పెక్టస్‌లో గానీ నమూనా ఫ్లాటులో గానీ చూపిన తప్పుడు సమాచారాన్ని నమ్మి ఎవరైనా డబ్బు కట్టి నష్టపోతే, బిల్డరు పరిహారం ఇవ్వాలి. కొన్నవారు ప్రాజెక్టు నుంచి తప్పుకుంటామంటే కట్టిన మొత్తం వడ్డీతో సహా తిరిగి చెల్లించాలి. చట్టం ప్రకటన అన్న మాటకు ఇచ్చిన అర్థం చాలా విశాలం. బ్రోషర్ దాని పరిధిలోకి వస్తుంది. 'ఇది ఊహాచిత్రం మాత్రమే' అని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే సరిపోతుందనుకోవడం ప్రమాదం. చెరువు కనిపించని ఫ్లాటుకు చెరువు చూపించి అమ్మాక, ఆ చిన్న వాక్యం ఎంతవరకు కాపాడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఉత్తరంలో మాత్రం ఈ సెక్షన్ల నంబర్లు లేవు. రాయాల్సిన అవసరమూ లేదు. సెక్షన్లు చూపిస్తే బెదిరింపులా వినిపిస్తుంది, పైగా ఆ చిత్రం వేసినప్పుడు ఏ బ్లాకు నుంచి ఏం కనిపిస్తుందో ఏజెన్సీకి తెలిసే అవకాశం లేదు. అందుకే ప్రతి సూచనతోపాటు అవసరమైన ఫోటోలు, పట్టికలు పంపారు. 'తీసివేయండి' అన్న చోట దాని బదులు ఏం పెట్టవచ్చో కూడా ఇచ్చారు. ఖాళీ పేజీని తిరిగి ఇవ్వడం కంటే ఇది పనిని ఎంతో ముందుకు తీసుకెళ్తుంది.

చివరి పేజీ దగ్గర మాత్రం చట్టం మాట తప్పదు:

"5. 12వ పేజీ, రెరా రిజిస్ట్రేషన్ నంబరు. ఇప్పుడు అడుగున బూడిదరంగులో, చాలా చిన్నగా ఉంది. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరూ, రెరా వెబ్‌సైట్ చిరునామా rera.telangana.gov.in రెండూ ప్రస్ఫుటంగా ఉండాలన్నది చట్టం నియమం. వెబ్‌సైట్ చిరునామా డ్రాఫ్టులో లేదు. రెండూ ఫోన్ నంబరు ఎంత స్పష్టంగా ఉందో అంత స్పష్టంగా ఉండాలి."

'పెద్దది చేయండి' అంటే ఎంత పెద్దది అన్న ప్రశ్న మిగిలిపోతుంది. అదే పేజీలో ఉన్న ఫోన్ నంబరును కొలతగా చూపించడంతో ఆ ప్రశ్న తీరిపోయింది. ఈ నియమం రెరా 11వ సెక్షన్‌లో ఉంది. చట్టంలోని ఇలాంటి నియమాలను మీరితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. రిజిస్ట్రేషన్ చేయించకుండానే ప్రకటనలు మొదలుపెడితే అది 10 శాతం దాకా వెళ్తుంది.

అక్షరాల దగ్గర

తెలుగు బ్రోషర్లలో తరచూ కనిపించే సమస్య ఇంకొకటి ఉంది:

"6. 4, 10, 11 పేజీలు, పాఠం చదవడంలో ఇబ్బంది. అసలు సైజులో ప్రింటు తీసి, అరవై దాటిన ఇద్దరికి పగటి వెలుతురులో ఇచ్చాం. 4వ పేజీలో వరుసల మధ్య చోటు తక్కువై పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి. 10వ పేజీలో ముదురు ఫోటో మీద తెల్ల అక్షరాలు ఇద్దరూ చదవలేకపోయారు. 11వ పేజీలో 'విద్యుత్ బ్యాకప్' అన్నది 'విద్‌యుత్ బ్యాకప్' అని విరిగిపోయింది. ఇలాంటివి మరో నాలుగు చోట్ల ఉన్నాయి, ప్రింటు మీద గుర్తుపెట్టాను. మేం గమనించనివి కూడా ఉండవచ్చు. రెండో డ్రాఫ్టు పంపే ముందు తెలుగు చదివే ఒకరు మూల పాఠాన్ని పక్కన పెట్టుకుని పీడీఎఫ్‌ను పోల్చి చూడగలరా?"

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లిషుకు సరిపోయిన వరుసల దూరం తెలుగుకు సరిపోదు. ఇంగ్లిషు డిజైను ముందు చేసి, ఆ పెట్టెల్లోనే తెలుగు పాఠం పోస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఇక ఒత్తు విడిపోవడానికి కారణం వేరు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషలకు సంబంధించిన సెట్టింగ్ పెట్టకపోయినా, పాత డీటీపీ ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు పొరపాటు జరిగినా ఒత్తు పక్కకు వచ్చి పొల్లు కనిపిస్తుంది. పాఠం రాసినవారి ఫైల్లో అంతా సరిగానే ఉంటుంది. పేజీ మీద పెట్టినప్పుడే విరుగుతుంది. అందుకే మూల పాఠం ఒక్కటే సరిచూస్తే చాలదు. పేజీ మీదకు వచ్చిన పాఠాన్ని మళ్లీ చదవాలి.

ఈ సూచనలో 'అక్షరాలు 11 పాయింట్లు చేయండి' అన్న ఆదేశం లేదు. సైజు పెంచితే పాఠం పేజీ దాటిపోవచ్చు, వరుసల దూరం పెంచడమో, ఫాంటు మార్చడమో, పాఠం తగ్గించడమో మెరుగైన దారి కావచ్చు. అవన్నీ తూచి చూడగలిగింది డిజైనరే. ఎవరికి ఇచ్చి చూశారో, ఎక్కడ ఆగిపోయారో చెబితే అతనికి కావలసిన ఆధారం దొరుకుతుంది.

చోటు ఎక్కడిది

ఇన్ని వివరాలు కలిపితే పేజీలు చాలవు కదా అన్న ప్రశ్న వస్తుంది. మధ్యలో పిన్ను కొట్టే బ్రోషర్‌లో ఒక్కో కాగితం మడతతో నాలుగు పేజీలు వస్తాయి. కాబట్టి 12 పేజీల పుస్తకానికి ఒక్క పేజీ చేర్చడం కుదరదు, చేరిస్తే 16 అవుతుంది. దాంతో ఖర్చు, తూకం, కొరియరు ఛార్జీ అన్నీ మారతాయి. ఈ సంగతి తెలిసిన మార్కెటింగ్ హెడ్ ఉత్తరంలోనే దారి చూపిస్తారు:

"7. పేజీల సంఖ్య 12 దాటకూడదు. విస్తీర్ణం పట్టికకు చోటు కావాలంటే 2వ పేజీలోని చైర్మన్ సందేశాన్ని సగానికి తగ్గించవచ్చు. తగ్గించిన పాఠం జతచేశాను, చైర్మన్ గారు ఆమోదించారు."

చైర్మన్ సందేశాన్ని కత్తిరించమని ఏజెన్సీ ఎప్పటికీ అడగలేదు. ఆ మాట లోపలివారే అనాలి, లోపలే అనుమతి తేవాలి. ఏజెన్సీ పనికి అడ్డంగా ఉన్న ఇలాంటి రాయిని తొలగించడం క్లయింటు చేయగల గొప్ప సాయం.

అభిప్రాయం, గడువు

మూడో కుప్ప చివరికి వస్తుంది:

"8. ముఖచిత్రం గురించి ఒక అభిప్రాయం మాత్రమే. ముదురు నీలం రంగు ఆఫీసు భవనాన్ని గుర్తు చేస్తోందని మాలో కొందరికి అనిపించింది. మీరు ఆ రంగు ఎంచుకోవడానికి కారణం ఉంటే రెండు మాటల్లో చెప్పండి. కారణం సరైనదనిపిస్తే అలాగే ఉంచుదాం.

1 నుంచి 5 దాకా ఉన్నవి తప్పనిసరి. 6, 7 సమస్యలు, పరిష్కారం మీ ఇష్టం. 8 మీ నిర్ణయం. వీటిలో దేనికైనా ఒప్పందంలో చెప్పినదానికంటే ఎక్కువ పని పడుతుందనిపిస్తే మొదలుపెట్టే ముందు చెప్పండి, దాని ఖర్చు మాట్లాడుకుందాం. రెండో డ్రాఫ్టు వచ్చే సోమవారం సాయంత్రానికి అందితే బుధవారానికి మా జవాబు పంపుతాను. కష్టమైతే ఏ రోజు వీలవుతుందో చెప్పండి."

తప్పనిసరి, సమస్య, అభిప్రాయం అని విడదీసి చెప్పకపోతే డిజైనరుకు ఎనిమిదీ ఒకటే బరువుగా కనిపిస్తాయి. రంగు మార్చడం సులువు కాబట్టి దాన్ని ముందు చేసి, చెరువు చిత్రాన్ని చివరికి నెట్టే అవకాశం ఉంది. ఖర్చు మాట కూడా మొహమాటపడకుండా రాయాలి. ఏజెన్సీ ఒప్పందాల్లో సాధారణంగా ఇన్ని విడతల సవరణలు అని ఉంటుంది. క్లబ్‌హౌస్ పేజీ తీసేసి కొత్త పేజీ చేయడం దిద్దుబాటా, కొత్త పనా అన్నది ముందే మాట్లాడుకుంటే బిల్లు వచ్చినప్పుడు మాట పడే అవసరం ఉండదు. గడువు అడిగినవారు తమ జవాబు ఎప్పుడు ఇస్తారో కూడా చెప్పడం న్యాయం. డ్రాఫ్టు వచ్చి పది రోజులు క్లయింటు టేబుల్ మీదే పడి ఉండి, తర్వాత ఏజెన్సీని పరుగులు పెట్టించడం మామూలుగా జరిగే అన్యాయం.

ఉత్తరం పనిచేసిందో లేదో

రెండో డ్రాఫ్టు రాకముందే కొంత తెలుస్తుంది. ఉత్తరం వెళ్లిన రెండు రోజుల్లో ఏజెన్సీ అడిగే ప్రశ్నలు చూడాలి. 'పట్టికలో మూడు పడకగదుల ఫ్లాటు రెండు రకాలుగా ఉంది, రెండూ వేయాలా?' అన్నది మంచి ప్రశ్న. వాళ్లు లోతుగా చదివారన్నమాట. '6వ నంబరులో మీరు ఏం కోరుతున్నారు?' అని అడిగితే ఆ సూచన మళ్లీ రాయాలి. ఏ ప్రశ్నా రాకపోతే ఒకసారి ఫోన్ చేసి, ఎనిమిది నంబర్లనూ వరుసగా చెప్పుకోవడం మేలు.

రెండో డ్రాఫ్టు వచ్చాక ముందుగా ఎనిమిది నంబర్ల దగ్గరే చూడాలి, ఆ తర్వాతే మిగతా పేజీలు. అప్పుడు కొత్త అభ్యంతరాలు తక్కువగా, అవి కూడా ఈ సవరణల వల్ల పుట్టినవిగా ఉంటే మొదటి ఉత్తరం బాగా పనిచేసినట్టు. మొదటి డ్రాఫ్టులోనే ఉన్న తప్పులు ఇప్పుడు కొత్తగా కనిపిస్తున్నాయంటే మొదటిసారి చూడటం సరిగా జరగలేదు. ఆ సంగతి ఏజెన్సీకి చెప్పి, ఆ విడతను వాళ్ల లెక్కలో వేయకూడదు.

అయితే ఈ ఉత్తరం తీర్చలేనివి కూడా ఉన్నాయి. అపార్ట్‌మెంటును యువ దంపతులకు అమ్మాలనుకుని బ్రోషర్ చేయించాక, ఇప్పుడు పెట్టుబడి పెట్టేవారికి అమ్ముదామని సంస్థ మనసు మార్చుకుంటే, ఎన్ని నంబర్లు వేసి రాసినా అది దిద్దుబాటు కాదు. ఆ పాత పుస్తకాన్ని పక్కన పెట్టి, కొత్తగా బ్రీఫ్ రాసి, కొత్త ధర మాట్లాడుకోవాలి. అలాగే ఏజెన్సీలో తెలుగు చదివేవారే లేకపోతే ఉత్తరం ఎంత స్పష్టంగా ఉన్నా ఒత్తులు విరుగుతూనే ఉంటాయి. అప్పుడు తెలుగు డీటీపీ తెలిసిన ఒకరిని మధ్యలో పెట్టుకోవడమే మార్గం.

అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫ్ మీద పేజీ పేజీకీ సంతకం చేయాలి. ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు తయారవుతాయి. ప్లేట్లు అయ్యాక ఒక్క అంకె మార్చాలన్నా ప్లేటు మళ్లీ చేయాలి, కాపీలు అచ్చయ్యాక అయితే కట్టలు కట్టలు పక్కన పడేయాలి. సంతకం చేసిన ప్రూఫ్‌నూ, ఈ ఉత్తరాన్నీ, జతచేసిన పట్టికలనూ ఒకే ఫైల్లో భద్రపరచాలి. మూడేళ్ల తర్వాత తాళాలు అందుకునే రోజున ఎవరో ఒక తండ్రి బ్రోషర్ ఒక చేత్తో, టేపు ఇంకో చేత్తో పట్టుకుని వస్తాడు. 845 అన్న అంకె ఏ ప్లాను నుంచి వచ్చిందో, ఎవరు లెక్కకట్టారో, ఎవరు సరిచూశారో ఆ ఫైలు చూపించి చెప్పగలిగితే సంస్థా, ఏజెన్సీ ఇద్దరూ అతని ఎదుట నిలబడి జవాబివ్వగలరు.